రాగిలో నత్రజని: ఒక్కో పేపరు ఒక్కో మోతాదు చెబుతోంది, రివ్యూ ఎలా రాయాలి?

రాగిచేను

నమస్కారం అండి. ఎం.ఎస్సీ. అగ్రానమీ రెండో ఏడాది చదువుతున్నాను. వర్షాధార రాగిలో నత్రజని మోతాదులు, వాటితో పాటు అజోస్పైరిల్లం అనే జీవన ఎరువు వాడితే గింజ దిగుబడి ఎలా మారుతుందన్నది నా థీసిస్. రివ్యూ ఆఫ్ లిటరేచర్ అధ్యాయం 43 పేపర్లతో రాసి ఇచ్చాను. మా గైడ్ గారు మూడు పేజీలు చదివి, మార్జిన్‌లో ఒకే వాక్యం రాసి తిరిగి ఇచ్చేశారు: "ఎవరెవరు ఏమన్నారో చెప్పావు, మొత్తం మీద ఏం తెలిసిందో చెప్పలేదు."

నేను రాసింది ఇలా ఉంది. ఫలానా వారు హెక్టారుకు 40 కిలోల నత్రజనితో దిగుబడి గణనీయంగా పెరిగిందన్నారు. ఫలానా వారు 60 కిలోల వరకు పెరిగిందన్నారు. ఇంకొకరు 90 వరకు పెరుగుతూనే ఉందన్నారు. మరొకరు 40 దాటాక తేడా లేదన్నారు. ఇలా ఆరు పేజీలు. ఒకదానితో ఒకటి పొసగని ఫలితాలను కలిపి ఒక పేరాగా ఎలా రాయాలో తెలియడం లేదు. ఎవరిది తప్పని రాయాలి?

కొత్తవిత్తనం

ఎవరిదీ తప్పని రాయక్కర్లేదు. అన్ని పేపర్ల మోతాదులూ తీసుకుని సగటు చూడు, దాదాపు 60 వస్తుంది. "చాలామంది పరిశోధకులు 60 కిలోల దగ్గర మంచి దిగుబడి వచ్చిందని తేల్చారు" అని రాసి, కింద అందరి పేర్లూ బ్రాకెట్‌లో పెట్టెయ్. నేను అలాగే రాశాను, వైవాలో ఎవరూ అడగలేదు.

దిగుబడులు పోల్చాలంటే కిలోల జోలికి పోకుండా శాతాల్లో రాయి. ఒకరు క్వింటాళ్లలో ఇస్తారు, ఒకరు టన్నుల్లో ఇస్తారు. శాతాలైతే ఆ గొడవ ఉండదు.

వర్షాధారం

కొత్తవిత్తనం గారూ, యూనిట్ల గొడవ గురించి మీరన్నది నిజమే. అన్నిటినీ ఒకే కొలమానంలోకి తేవాలి. కానీ సగటుతో, శాతాలతో పని జరగదు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. ఈ అంకెలు ఉదాహరణకే, ఏ పేపరులోవీ కావు.

మొదటి పొలంలో నత్రజని వేయని మడి హెక్టారుకు 1200 కిలోలు ఇచ్చింది, 60 కిలోల నత్రజని వేసిన మడి 1860 ఇచ్చింది. రెండో పొలంలో వేయని మడే 2400 ఇచ్చింది, 60 కిలోలు వేసింది 3000 ఇచ్చింది. శాతాల్లో చూస్తే మొదటిది 55, రెండోది 25. చదివినవాళ్లు మొదటి పొలంలో నత్రజని రెండింతలు బాగా పనిచేసిందనుకుంటారు. ఇప్పుడు వేసిన ఒక్కో కిలో నత్రజనికి ఎన్ని కిలోల గింజ అదనంగా వచ్చిందో చూడండి.

```
AE = (Y_N - Y_0) / N
(1860 - 1200) / 60 = 11
(3000 - 2400) / 60 = 10
```

రెండు పొలాల్లోనూ ఎరువు దాదాపు ఒకే రకంగా పనిచేసింది. తేడా అంతా వేయని మడిలోనే ఉంది. కాబట్టి రివ్యూలో అడగాల్సిన ప్రశ్న "60 మంచిదా, 90 మంచిదా" అన్నది కాదు. "ఆ రెండో పొలంలో ఏమీ వేయకుండానే 2400 ఎలా వచ్చింది" అన్నది.

రాగిచేనూ, మీ 43 పేపర్లు మళ్లీ ముందేసుకోండి. ఈసారి సారాంశాలు, ముగింపులు చదవొద్దు. మెటీరియల్స్ అండ్ మెథడ్స్ భాగం మాత్రం చదవండి. ఒక షీటు తెరిచి పేపరుకు ఒక వరస కేటాయించండి. వర్షాధారమా, నీటి వసతి ఉందా? నాటారా, విత్తారా? నేల రకం, సేంద్రియ కర్బనం ఎంత? ఏ రకం రాగి? అన్నిటికంటే ముఖ్యంగా, కంట్రోల్ అని దేన్ని పిలిచారు? ఈ చివరి గడి నింపేటప్పుడు మీ గందరగోళంలో సగం తీరుతుంది.

రాగిచేను

సర్, కంట్రోల్ అంటే నత్రజని వేయనిదే కదా? అందులో తేడా ఏముంటుంది?

వర్షాధారం

చాలా ఉంటుంది. కొన్ని పేపర్లలో కంట్రోల్ అంటే ఏ ఎరువూ వేయని మడి. కొన్నిటిలో భాస్వరం, పొటాష్ వేసి నత్రజని ఒక్కటే మానేసిన మడి. మరికొన్నిటిలో సిఫారసు మోతాదు వేసిన మడినే కంట్రోల్ అంటారు. ఇక ఎక్కువమంది మోసపోయేది ఇక్కడ: "పొలమంతటికీ పశువుల ఎరువు సమానంగా వేశాం" అని మెథడ్స్‌లో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం అనుకుంటే, హెక్టారుకు 10 టన్నులు వేస్తే 50 కిలోల నత్రజని నేలలోకి వెళ్లినట్టే. అదంతా ఆ పంటకే అందదు, తొలి పంటకాలంలో కొంత భాగమే విడుదలవుతుంది. కానీ ఏటా వేసే పొలమైతే పాత నిల్వ కూడా అందుతూ ఉంటుంది. అలాంటి చోట 40 దాటాక తేడా కనబడకపోతే ఆశ్చర్యం లేదు. పేపరులో సున్నా అని రాసినది పైరుకు సున్నా కాదు.

అలాగే 90 వరకు పెరిగిందన్న పేపరు నీటి వసతి కింద నాటిన పైరు మీద చేసింది అయి ఉండొచ్చు, చూడండి. తడి లేనిచోట వేసిన నత్రజనిని పైరు తీసుకోలేదు. ఎత్తుగా పెరిగే రకమైతే మోతాదు పెరిగేకొద్దీ పైరు నేలకొరుగుతుంది, అగ్గి తెగులూ ఎక్కువవుతుంది. అందుకే రకం పేరు, నీటి వసతి తెలియకుండా మోతాదు ఒక్కటీ ఎత్తి రాస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

గణాంకశాల

నేను అగ్రి ఎకనామిక్స్‌లో పీహెచ్.డీ. చేస్తున్నాను, చిరుధాన్యాల ఉత్పాదకత మీదే. మీరంతా ఒక పొలం గురించి మాట్లాడుతున్నారు, ఉత్పాదకత అంటే విస్తీర్ణం, ఉత్పత్తి, దశాబ్దాల వృద్ధి రేటు కదా? నా రివ్యూలో తగిలిన చిక్కు చెబుతాను, పనికొస్తే చూడండి. ఎఫ్ఏవో గణాంకాల్లో "మిల్లెట్" అనే ఒకే పద్దు కింద సజ్జ, రాగి, కొర్ర, సామ లాంటివన్నీ కలిసి ఉంటాయి, జొన్న విడిగా ఉంటుంది. మన దేశంలో చిరుధాన్యాలు అన్నప్పుడు జొన్ననూ కలుపుతారు. 2018లో కేంద్రం పోషక ధాన్యాలుగా నోటిఫై చేసిన జాబితాలోనూ జొన్న ఉంది. ఈ రెండు రకాల అంకెలనూ ఒకే పేరాలో పెట్టి "మిల్లెట్ ఉత్పాదకత ఇంత" అని పోల్చిన థీసిస్‌లు చాలా చూశాను. నేనూ మొదట్లో అదే తప్పు చేశాను. ఆరు నెలల తర్వాత పట్టికలో మొత్తాలు కుదరక బయటపడింది.

వర్షాధారం

మీది ఆర్థిక శాస్త్రం వైపు ప్రశ్న, ఈ అమ్మాయిది ఎరువుల ప్రయోగం. అయినా మీరన్నది ఆమెకు మొదటి పేరాలో కావాలి. "మిల్లెట్" అని ఉన్న అంకెను రాగికి వాడకూడదు. సజ్జ వేరు, రాగి వేరు. గింజ బరువు దగ్గర్నుంచి మొక్కల సాంద్రత దాకా అన్నీ వేరే.

పాతగ్రంథాలయం

లైబ్రరీలో పనిచేస్తాను, థీసిస్ పిల్లలకు వెతకడంలో సాయం చేయడమే నా రోజువారీ పని. ఒక మాట అడుగుతాను. 43 పేపర్లు ఎలా దొరికాయమ్మా? "finger millet nitrogen" అని కొట్టి మొదటి నాలుగు పేజీల్లో వచ్చినవి తీసుకున్నావా? అలాగైతే పాతవి చాలా పోయి ఉంటాయి. పేర్లు మారుతూ వచ్చాయి కదా. రాగికి శాస్త్రీయ నామం స్థిరంగానే ఉంది, కానీ పాత పేపర్ల శీర్షికల్లో ragi అనే ఉంటుంది. సజ్జ సంగతి మరీ కష్టం, దానికి కనీసం నాలుగు శాస్త్రీయ నామాలు వాడుకలో ఉన్నాయి. ఇలా వెతుకు:

```
("finger millet" OR "Eleusine coracana" OR ragi)
AND (nitrogen OR fertilizer OR fertiliser)
AND (yield OR productivity)
```

సజ్జ కూడా కావాలంటే మొదటి వరస ఇలా మార్చు:

```
("pearl millet" OR bajra OR "Pennisetum glaucum"
OR "Pennisetum typhoides" OR "Pennisetum americanum"
OR "Cenchrus americanus")
```

సామ గురించి వెతికేవాళ్లు "Panicum sumatrense" తో పాటు "Panicum miliare" కూడా వేయాలి, పాత పేపర్లలో ఆ పేరే ఉంటుంది. ఎరువు అనే మాటకు s, z రెండు అక్షరక్రమాలూ పెట్టాను చూడు. అది మరిచిపోయి ఎన్ని పేపర్లు పోగొట్టుకుంటారో చెప్పలేను. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాత థీసిస్‌లు కృషికోశ్‌లో దొరుకుతాయి. జర్నల్ పేపరులో రెండు వరసలకు కుదించిన మెథడ్స్ అదే పని మీద రాసిన థీసిస్‌లో నాలుగు పేజీలు ఉంటుంది. పశువుల ఎరువు ఎంత వేశారో అక్కడ తెలుస్తుంది. ఏ రోజు, ఏ పదాలతో వెతికావో ఒక ఫైల్లో రాసి పెట్టుకో.

ఎర్రనేల

ఇవన్నీ వినడానికి బాగున్నాయి. మా విభాగంలో మాత్రం రివ్యూ అంటే ఒక్కో రచయితకు ఒక్కో పేరా, సంవత్సరాల వరసలో. వేరేలా రాస్తే కమిటీలో "ఫార్మాట్ పాటించలేదు" అంటారు. నేను కలిపి రాస్తే తిరిగొచ్చింది, విడివిడిగా రాస్తే ఆమోదించారు. రాగిచేనూ, ముందు మీ విభాగంలో గత రెండేళ్లలో ఆమోదం పొందిన థీసిస్ ఒకటి తెచ్చి చూడు.

వర్షాధారం

ఎర్రనేల గారూ, మీ అనుభవాన్ని కాదనను. ఆ పద్ధతి చాలాచోట్ల ఉంది. కానీ ఈ అమ్మాయి గైడ్ గారే వద్దన్నారు కదా. మీలాంటి వాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. ఉపశీర్షిక కింద సంవత్సరాల వరసలోనే రాసి, ప్రతి ఉపశీర్షిక చివర ఐదారు వాక్యాల్లో ఆ పేపర్లు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో, ఎందుకో రాయండి. కమిటీకి వాళ్ల ఫార్మాట్ ఉంటుంది, చదివేవాడికి విషయమూ దొరుకుతుంది.

ఎర్రనేల

ఆ ఐదారు వాక్యాలు కూడా "ఇది చర్చ అధ్యాయంలో రాయాలి, ఇక్కడ కాదు" అని కొట్టేశారండి. అందుకే చెబుతున్నాను.

కొత్తవిత్తనం

సగటు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఒక సులువైన దారి ఉంది కదా. సి.డి., అంటే క్రిటికల్ డిఫరెన్స్, చూస్తే సరిపోతుంది. తేడా సి.డి. కంటే తక్కువైతే ప్రభావం లేనట్టు, ఎక్కువైతే ఉన్నట్టు. ఎన్ని పేపర్లలో ఉంది, ఎన్నిటిలో లేదు అని లెక్కపెట్టి రాస్తే చాలు.

వర్షాధారం

అదీ సగమే నిజం. మూడు రెప్లికేషన్లు, చిన్న మడులు, ఎగుడుదిగుడు నేల ఉన్నచోట సి.డి. పెద్దగా వస్తుంది. సి.డి. 310 అనుకోండి, రెండు మోతాదుల మధ్య తేడా 220 వచ్చింది. పేపరు "గణనీయమైన తేడా లేదు" అంటుంది. అంటే ఆ ప్రయోగానికి 220 కిలోల తేడాను పట్టుకునే శక్తి లేదని అర్థం. తేడా లేదని అర్థం కాదు. హెక్టారుకు 220 కిలోలు తక్కువేం కాదు. రివ్యూలో "తేడా లేదు" అనే బదులు "ఈ ప్రయోగంలో తేడా నిరూపణ కాలేదు" అని రాయండి, తేడా ఎంతో, సి.డి. ఎంతో రెండూ ఇవ్వండి. అవును, కాదు అని ఓట్లు లెక్కపెడితే బలహీనమైన ప్రయోగాలన్నీ కలిసి ఒక మంచి ప్రయోగాన్ని ఓడించేస్తాయి.

ఈ మాట ఇప్పుడు గట్టిగా చెప్పడానికి కారణం అజోస్పైరిల్లం. రాగిచేనూ, ఆ భాగంలో ఏం రాశారు?

రాగిచేను

అందులో పేపర్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి సర్. 75 శాతం నత్రజని, దానితో అజోస్పైరిల్లం వాడితే 100 శాతం నత్రజనితో సమానంగా దిగుబడి వచ్చింది, అంటే 25 శాతం నత్రజని ఆదా. ఆ భాగం రాయడం సులువుగా అయింది.

వర్షాధారం

సులువుగా అయింది కాబట్టే అక్కడ ఆగాలి. ఆ పేపర్లలో అజోస్పైరిల్లం లేకుండా 75 శాతం నత్రజని మాత్రమే వేసిన మడి ఉందా? ట్రీట్‌మెంట్ల జాబితా తీసి చూడండి.

ఆ మడి లేకపోతే ఆదా జీవన ఎరువు వల్ల వచ్చిందని చెప్పలేం. ఒట్టి 75 శాతమే 100తో సమానంగా ఇచ్చేదేమో. ఇంతకుముందు అనుకున్నట్టు పశువుల ఎరువు వేసిన నేలలో, వానలు తక్కువైన ఏడాదిలో 75కూ 100కూ తేడా అసలే కనబడదు. దానికి తోడు సి.డి. పెద్దది. అలాంటప్పుడు ఏం కలిపినా "సమానం" అనే వస్తుంది.

రాగిచేను

రెండు రోజులు ఆలస్యమైంది, క్షమించండి. అన్నీ మళ్లీ తీశాను.

అజోస్పైరిల్లం పేపర్లు నా దగ్గర 11. వాటిలో 75 శాతం ఒంటరిగా ఉన్న మడి నాలుగింట్లోనే ఉంది. మిగతా ఏడింటిలో 75 శాతం ఉన్న ప్రతిచోటా జీవన ఎరువు కలిపే ఉంది. నేను ఆ ఏడింటినీ "25 శాతం ఆదా" కింద వరసగా రాసేశాను. ఒక్కదాని మీద కూడా అనుమానం రాలేదు.

నత్రజని భాగంలో కంట్రోల్ గడి నింపుతుంటే నిజంగా కళ్లు తెరుచుకున్నాయి. 40 దాటాక తేడా లేదన్న పేపర్లు రెండూ పొలమంతా పశువుల ఎరువు వేసి చేసినవే. 90 వరకు పెరిగిందన్నది నీటి వసతి కింద నాటిన పైరు. నా ప్రయోగం వర్షాధారం, గొర్రుతో విత్తింది. దానితో పోల్చదగ్గవి 43లో తొమ్మిదే మిగిలాయి.

ఇంకో తప్పు దొరికింది. నేపథ్యం కోసం నైజర్‌లో సజ్జ మీద చేసిన మైక్రోడోసింగ్ పని రాశాను. అక్కడ కుదురుకు 2 గ్రాముల డీఏపీ, హెక్టారుకు 10,000 కుదుళ్లు, మొత్తం 20 కిలోల డీఏపీ. "కేవలం 4 కిలోల భాస్వరంతో" అని రాసి, పక్క వాక్యంలో మన సిఫారసు 40 కిలోలని పెట్టాను. వాళ్లు చెప్పింది మూలక భాస్వరం అని ఇప్పుడు గమనించాను.

వర్షాధారం

అది చాలామంది చేసే తప్పు. 2.29తో గుణించండి:

```
P × 2.29 = P2O5
4 × 2.29 = 9.2
```

మన 40 కిలోలు ఆక్సైడ్ లెక్కలో ఉంటుంది. పోల్చాల్సింది 9.2తో. పది రెట్ల తేడా అనుకున్నది నాలుగు రెట్లకు దిగింది. పైగా అక్కడ మీటరు దూరంలో కుదుళ్లు. మీ రాగిని 30 సెంటీమీటర్ల వరసల్లో, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల ఎడంతో ఉంచితే హెక్టారుకు మూడు లక్షల ముప్పై వేలకు పైగా మొక్కలు. కుదురుకు ఇంత అనే పద్ధతిని అలాగే ఇక్కడికి తేలేం. ఆ వాక్యం మీ థీసిస్‌కు అవసరమా అని ఒకసారి ఆలోచించండి. నేనైతే తీసేస్తాను.

రాగిచేను

తీసేశాను సర్. ఇప్పుడు రాసిన పేరా ఇది, ఇంగ్లీషులో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"వర్షాధారంగా విత్తిన రాగిలో నత్రజనికి స్పందన ప్రయోగం చేసిన నేల బట్టి మారింది. పశువుల ఎరువు వేయని మడుల్లో దిగుబడి 60 కిలోల వరకు పెరిగింది. పొలమంతటికీ పశువుల ఎరువు వేసినచోట 40 దాటాక పెరుగుదల నిరూపణ కాలేదు, అయితే ఈ ప్రయోగాల్లో ఆ ఎరువు ద్వారా అందిన నత్రజనిని లెక్కలోకి తీసుకోలేదు. 90 కిలోల వరకు స్పందన చూపిన ఫలితం నీటి వసతి కింద నాటిన పైరుది కాబట్టి దాన్ని ఇక్కడ పోల్చలేదు. అజోస్పైరిల్లంతో 25 శాతం నత్రజని ఆదా అవుతుందన్న ఫలితాల్లో ఎక్కువ భాగం, తగ్గించిన మోతాదును ఒంటరిగా పరీక్షించకుండా వచ్చినవి. అందువల్ల ఆ ఆదా సూక్ష్మజీవిదా, నేలదా అన్నది వాటి నుంచి తేలదు."

నా ప్రయోగంలో నాలుగు నత్రజని స్థాయిలు, ప్రతి స్థాయిలోనూ అజోస్పైరిల్లం ఉన్నదీ లేనిదీ ఉన్నాయి. గైడ్ గారు అలా ఎందుకు పెట్టమన్నారో విత్తిన ఏడాది తర్వాత ఇప్పుడు అర్థమైంది. నా గ్యాప్ "ఈ మండలంలో ఎవరూ చేయలేదు" అని రాసుకున్నాను. అది కొట్టేసి, ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడుతున్నాను.

వర్షాధారం

ఇది రివ్యూ. ఒక్క దిద్దుబాటు: "60 వరకు పెరిగింది" అన్నచోట ఎన్ని పేపర్లు, ఎన్ని పంటకాలాలో చెప్పండి. ఒకే ఏడాది ప్రయోగమైతే ఆ ఏడాది వాన కూడా చెప్పండి.

గణాంకశాల

నాకూ ఒక సందేహం. కొన్ని పేపర్లలో అంకెలు ఇవ్వరు, గ్రాఫ్ మాత్రమే ఉంటుంది. కంట్రోల్ దిగుబడి ఎలా తీయాలి?

పాతగ్రంథాలయం

`WebPlotDigitizer` అని ఉంది, గ్రాఫ్ బొమ్మ ఎక్కించి అక్షాల మీద తెలిసిన బిందువులు గుర్తిస్తే విలువలు చదువుతుంది. అలా తీసిన అంకె పక్కన "గ్రాఫ్ నుంచి చదివినది" అని తప్పక రాయాలి. దానికంటే ముందు ఆ రచయిత థీసిస్ కృషికోశ్‌లో ఉందేమో చూడండి, అనుబంధంలో పట్టిక ఉండొచ్చు.

ఎర్రనేల

పేరా బాగుంది. మా కమిటీ ముందు పెడితే మాత్రం "అజోస్పైరిల్లం పేపర్లు 11 చదివి 11 పేరాలు ఏవీ" అంటారు. ఆ ఏడు పేపర్లలో ఒకటి మా విభాగాధిపతి గారిదే అయితే "తేలదు" అని రాయగలమా? ఇలాంటి పరిస్థితి ఎదుర్కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ వాక్యం ఎలా రాశారో చెప్పండి, నిజంగా అడుగుతున్నాను.

వర్షాధారం

నేను ఒకసారి ఎదుర్కొన్నాను. ఫలితాన్ని కాదనకుండా, "ఆ ప్రయోగంలో ఈ ట్రీట్‌మెంట్ లేదు" అని వాస్తవం మాత్రం రాశాను. మా పెద్దాయన ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను.